మణికట్టు ఫొటో చూసి వాచీ సైజు ఎంచుకోవడం ఎలా

ఆన్‌లైన్‌లో వాచీ కొనేటప్పుడు అందరి కళ్లూ ఒకే అంకె మీద పడతాయి: కేసు 38 మి.మీ., 40 మి.మీ., 42 మి.మీ. అది డయల్ చుట్టూ ఉండే గుండ్రటి కేసు అడ్డుకొలత మాత్రమే. చేతి మీద వాచీ ఒదుగుతుందో లేదో తేల్చే కొలత వేరే ఉంది. బెల్టు తగిలించడానికి కేసుకు పైనా కిందా పొడుచుకొచ్చిన కొమ్ములను లగ్గులు అంటారు. పై లగ్గు కొస నుంచి కింది లగ్గు కొస దాకా ఉన్న పొడవే లగ్-టు-లగ్. వాచీ పెట్టుకున్నప్పుడు ఈ పొడవు మణికట్టుకు అడ్డంగా పడుతుంది. కాబట్టి ఈ పొడవును మన మణికట్టు వెడల్పుతో పోల్చి చూడాలి.

షాపుకు వెళ్లి చేతికి పెట్టుకుని చూడగలిగితే ఈ గొడవంతా అక్కర్లేదు. ఫొటో అవసరమయ్యేది దూరంగా ఉన్నవాళ్లకు కొనేటప్పుడు. మా పిన్ని కొడుకు డాలస్‌లో ఉంటాడు. గుంటూరులో ఉన్న వాళ్ల నాన్నకు, అంటే మా బాబాయికి, వాచీ కొనాలనుకుని నాకు ఫోన్ చేశాడు. "అన్నా, నాన్న చెయ్యి ఫొటో పంపిస్తాను, ఏ సైజు సరిపోతుందో చెప్పు" అన్నాడు. ఆ బాబాయి చేతినే ఉదాహరణగా తీసుకుని మొదటి నుంచి చెబుతాను.

టేపు కొలత ఒక్కటే ఎందుకు చాలదు

"మణికట్టు చుట్టుకొలత ఎంత?" అని అడిగి, దాన్నిబట్టి సైజు చెప్పే పట్టికలు చాలా ఉన్నాయి. వాటితో చిక్కేమిటంటే, అందరి మణికట్టూ ఒకే ఆకారంలో ఉండదు. ఒకరిది పలకలా వెడల్పుగా ఉంటుంది, ఇంకొకరిది గుండ్రంగా ఉంటుంది. 60 మి.మీ. వెడల్పు, 42 మి.మీ. మందం ఉన్న చేతికీ, 55 మి.మీ. వెడల్పు, 49 మి.మీ. మందం ఉన్న చేతికీ టేపు చుడితే రెండింటికీ 16.2 సెం.మీ.కి కాస్త అటూ ఇటూగా వస్తుంది. కానీ పైనుంచి చూస్తే వాచీ కూర్చునే జాగాలో 5 మి.మీ. తేడా ఉంది. వాచీల విషయంలో అది రెండు సైజుల తేడా. చుట్టుకొలత బెల్టు పొడవుకు పనికొస్తుంది, కేసు సైజుకు వెడల్పు కావాలి. వెడల్పు ఫొటోలో చక్కగా దొరుకుతుంది, ఫొటో సరిగ్గా తీస్తే.

మొదటి మెట్టు: ఫొటోలో కొలబద్దగా ఒక కార్డు

ఫొటోలో చేయి ఒక్కటే ఉంటే ఏమీ తెలియదు. పక్కన ఖచ్చితమైన కొలత తెలిసిన వస్తువు ఒకటి ఉండాలి. నాణెం పెట్టమని కొందరు చెబుతారు. మన నాణేలను నమ్ముకుంటే ఇబ్బందే. 2011 నాటి రెండు రూపాయల బిళ్ల 25 మి.మీ., 2019 తర్వాత వచ్చింది 23 మి.మీ. ఏది పెట్టారో చూసుకోకపోతే మొత్తం లెక్క తప్పుతుంది. పైగా నాణెం చిన్నది, దాన్ని కొలవడంలో అర మి.మీ. పొరపాటు జరిగినా మణికట్టు దగ్గరికి వచ్చేసరికి అది ఒక మి.మీ. దాటుతుంది.

ఏటీఎం కార్డు సైజు ప్రపంచమంతటా ఒకటే: 85.6 మి.మీ. పొడవు, దాదాపు 54 మి.మీ. వెడల్పు. కానీ ఏటీఎం కార్డునే ఫొటో తీసి పంపకండి. ముందువైపు నంబరు ఉంటుంది, తిప్పి పెడదామంటే వెనక సీవీవీ ఉంటుంది. అదే సైజులో ఉండే మెట్రో స్మార్ట్ కార్డు గానీ, కొత్త సిమ్ విరిచి తీసుకున్నాక మిగిలే ప్లాస్టిక్ చట్రం గానీ సరిపోతుంది. బాబాయి ఇంట్లో సిమ్ చట్రమే దొరికింది.

రెండో మెట్టు: ఫొటో తీయడం

తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే, అందుకని కొంచెం వివరంగా చెబుతాను.

చేతిని బల్ల మీద బోర్లా పెట్టించండి. వేళ్లు వదులుగా ఉండాలి, నొక్కకూడదు. చిటికెన వేలి వైపు మణికట్టు దగ్గర గుండ్రంగా ఉబ్బిన ఎముక ఒకటి ఉంటుంది. వాచీ ఆ ఎముక మీద కాకుండా, దాని వెనక, మోచేతి వైపు కూర్చుంటుంది. కొలవాల్సింది అక్కడే. ఎముక మీదుగా కొలిస్తే వెడల్పు ఎక్కువ వస్తుంది, వాచీ పెద్దది కొంటారు.

కార్డును చేతి పక్కన, దాని పొడవు వైపు చేతికి సమాంతరంగా ఉండేలా పెట్టాలి. బల్ల మీద నేరుగా పెట్టకూడదు. కెమెరాకు దగ్గరగా ఉన్నది పెద్దగా, దూరంగా ఉన్నది చిన్నగా కనిపిస్తుంది కదా. పైనుంచి చూసినప్పుడు మణికట్టు అంచులుగా కనిపించేవి దాని మందంలో సగం ఎత్తున, అంటే బల్లకు సుమారు 2 సెం.మీ. పైన ఉంటాయి. కార్డు బల్లకు అతుక్కుని ఉంటే అది చేయి అంచుల కంటే కెమెరాకు 2 సెం.మీ. ఎక్కువ దూరంలో ఉన్నట్టు. ఫోన్ బల్లకు 30 సెం.మీ. ఎత్తులో ఉందనుకుంటే, చేయి అంచులు 28 సెం.మీ. దూరంలో, కార్డు 30 సెం.మీ. దూరంలో పడతాయి. కార్డుతో పోలిస్తే చేయి నూటికి 7 వంతులు లావుగా కనిపిస్తుంది. 56 మి.మీ. మణికట్టు 60 అని తేలుతుంది.

పిన్ని పంపిన మొదటి ఫొటోలో ఇదే జరిగింది. ఆవిడ కుర్చీలో కూర్చుని, బల్ల మీదకు వంగి, దగ్గరనుంచి తీసింది. లెక్క 60 వచ్చింది. బాబాయి సన్నగా ఉంటాడని తెలుసు కాబట్టి నాకు అనుమానమొచ్చి, మళ్లీ తీయమన్నాను.

దీనికి విరుగుడు రెండు పనులు. కార్డు కింద 2 సెం.మీ. మందమున్న పుస్తకమో, మందుల డబ్బాయో పెట్టి దాన్ని మణికట్టు సగం ఎత్తుకు లేపాలి. ఫోన్‌ను బల్లకు ఒక మీటరు ఎత్తుకు తీసుకెళ్లాలి, అంటే లేచి నిలబడి తీయాలి. మీటరు ఎత్తు నుంచి తీస్తే కార్డు ఎత్తులో అర సెం.మీ. అటూ ఇటూ ఉన్నా తేడా పావు మి.మీ. చుట్టూనే ఉంటుంది. చేయి చిన్నగా కనబడుతుందనుకుంటే 2x జూమ్ వాడుకోవచ్చు. 0.5x వైడ్ కెమెరా మాత్రం వద్దు, అది ఫ్రేము అంచుల్లో ఉన్నవాటిని సాగదీస్తుంది. చేయి, కార్డు రెండూ ఫొటో మధ్యలోకి వచ్చేలా చూసుకోండి.

ఫోన్ బల్లకు సరిగ్గా సమాంతరంగా ఉండాలి. చాలా ఫోన్లలో గ్రిడ్ గానీ లెవెల్ గానీ పెట్టుకుంటే, నేరుగా కిందికి తిప్పినప్పుడు తెర మధ్యలో రెండు కూడిక గుర్తులు కనిపిస్తాయి. అవి ఒకదాని మీద ఒకటి కూర్చున్నప్పుడు తీస్తే చాలు.

మూడో మెట్టు: తెర మీద కొలవడం

ఫొటోను ల్యాప్‌టాప్‌లో తెరవండి. మీ దగ్గరున్న కార్డు ఒకటి తీసి, తెర మీద కనిపించే కార్డు బొమ్మ మీద ఆనించండి. రెండూ ఒకే సైజు అయ్యేదాకా ఫొటోను జూమ్ చేయండి. ఇప్పుడు ఫొటో అసలు సైజులో ఉన్నట్టే. ఇక లెక్కలేమీ అక్కర్లేదు, స్కేలు తెర మీద పెట్టి మణికట్టు వెడల్పు చదువుకోవడమే.

ఇందులోనే ఇంకో పరీక్ష కూడా అయిపోతుంది. చేతిలోని కార్డు నాలుగు అంచులూ తెర మీది కార్డు నాలుగు అంచులతో ఒకేసారి కలవాలి. పొడవు కలిసి వెడల్పు కలవకపోయినా, ఒక వైపు కంటే ఇంకో వైపు పొట్టిగా కనిపించినా, ఫోన్ వంచి తీశారన్నమాట. అలాంటి ఫొటోను సర్దుకుని వాడాలని చూడకండి, మళ్లీ తీయించుకోండి.

ల్యాప్‌టాప్ లేక ఫోన్ మీదే చూడాల్సివస్తే చిన్న లెక్క ఉంది. తెర మీద కార్డు పొడవునూ మణికట్టు వెడల్పునూ స్కేలుతో కొలిచి ఇలా వేయండి:

```
మణికట్టు వెడల్పు = 85.6 × (తెరపై మణికట్టు) ÷ (తెరపై కార్డు పొడవు)
```

బాబాయి రెండో ఫొటోలో తెరపై కార్డు 107 మి.మీ., మణికట్టు 70 మి.మీ. ఉన్నాయి. 85.6ని 70తో గుణించి 107తో భాగిస్తే 56 వచ్చింది.

నాలుగో మెట్టు: పైన చదునుగా ఉన్నది ఎంత

వెడల్పు 56 మి.మీ. అన్నంత మాత్రాన 56 మి.మీ. వాచీ పడుతుందని కాదు. మణికట్టు అంచులు కిందికి జారిపోతాయి. వాచీ కూర్చునేది మధ్యలో ఉన్న చదును మీద. దీనికి ఇంకో ఫొటో కావాలి, ఇది సులువే.

అదే కార్డును వాచీ పెట్టుకునే చోట మణికట్టుకు అడ్డంగా, మీద పడుకోబెట్టాలి. కెమెరాను వేళ్ల వైపు, కార్డు ఎత్తుకు సమానంగా దింపి, ఎదురుగా ఫొటో తీయాలి. ఇక్కడా దగ్గరకు దూరిపోకుండా కాస్త వెనక్కి జరిగి, జూమ్ చేసి తీయడమే మంచిది. ఫొటోలో కార్డు మధ్యభాగం చర్మాన్ని తాకుతూ, రెండు కొసలూ గాలిలో ఉంటాయి. కార్డుకూ చర్మానికీ మధ్య సందు 2 మి.మీ. దాటని మేర ఎంతుందో చూడండి. చాలా వాచీలకు లగ్గులు కాస్త కిందికి వంగి ఉంటాయి కాబట్టి ఆ మాత్రం సందును అవి పూడ్చేస్తాయి. బాబాయి చేతికి ఆ మేర 48 మి.మీ. వచ్చింది.

రెండో ఫొటో తీయించడం కుదరకపోతే ఒక మోటు లెక్క: లగ్-టు-లగ్ మణికట్టు వెడల్పులో 75 నుంచి 85 శాతం మధ్య ఉంటే నిశ్చింత. 90 దాకా పెద్ద వాచీ అనిపిస్తుంది, అయినా పెట్టుకోవచ్చు. నూరు దాటితే కొమ్ములు చేతి బయటికి వేలాడతాయి. ఇది శాస్త్రమేమీ కాదు, వాచీలు పెట్టుకునేవాళ్ల మధ్య నలిగి నిలిచిన అంచనా. గుండ్రటి మణికట్టుకు 80 దగ్గరే ఆగడం మంచిది, పలక మణికట్టు 90నీ తట్టుకుంటుంది.

56 మి.మీ.కి 75 శాతమంటే 42, 85 శాతమంటే 47.6. చదును 48 అని విడిగా తేలింది. రెండూ ఒకదానికొకటి సరిపోయాయి. కాబట్టి బాబాయికి 42 నుంచి 48 మి.మీ. లోపు లగ్-టు-లగ్ ఉన్న వాచీలే వెతకాలి.

ఐదో మెట్టు: వాచీ వైపు అంకెలు చదవడం

ఒరియంట్ బాంబినో పెద్ద మోడల్ కేసు 40.5 మి.మీ. సైకో 5లో డైవర్ వాచీలా కనిపించే మోడళ్ల కేసు 42.5 మి.మీ. కేసు అంకె చూస్తే సైకో రెండు మి.మీ. పెద్దది. కానీ రెండింటి లగ్-టు-లగ్ దాదాపు 46 మి.మీ.యే. సైకో లగ్గులు పొట్టిగా ఉండటమే కారణం. 56 మి.మీ. చేతి మీద రెండూ ఒకేలా ఒదుగుతాయి. 42 అన్న అంకె చూసి భయపడి వదిలేస్తే మంచి వాచీ ఒకటి పోగొట్టుకున్నట్టే.

కొన్ని కంపెనీలు గుండ్రటివి కాని వాచీలకు మూడు అంకెలు ఇస్తాయి. క్యాసియో ఎఫ్-91డబ్ల్యూకి 38.2 × 35.2 × 8.5 మి.మీ. అని ఉంటుంది. మొదటిది చేతికి అడ్డంగా పడే పొడవు, రెండోది వెడల్పు, మూడోది మందం. స్మార్ట్ వాచీల్లో కూడా ఈ తికమక ఉంది. 46 మి.మీ. యాపిల్ వాచ్ అంటే ఆ 46 దాని ఎత్తు, వెడల్పు 39 మి.మీ.యే. దాన్ని 46 మి.మీ. గుండ్రటి వాచీతో పోల్చకూడదు.

చైను ఉన్న వాచీలతో ఇంకో జాగ్రత్త. కొన్నింటికి కేసు పక్కనున్న మొదటి లింకు గట్టిగా బయటికి నిలబడిపోతుంది, వెంటనే కిందికి వంగదు. టిస్సాట్ పీఆర్‌ఎక్స్ ఇందుకు పేరుపడింది. కంపెనీ రాసిన లగ్-టు-లగ్ తక్కువే అయినా, చేతి మీద అది ఆ లింకుతో కలిపి పెద్ద వాచీలా కూర్చుంటుంది. అలాంటివాటిలో ఆ లింకు చివరిదాకా కొలిచి లెక్కలోకి తీసుకోండి.

అమ్మకానికి పెట్టినచోట లగ్-టు-లగ్ రాయనే రాయరు, ఇది మరీ విసుగు పుట్టించే విషయం. అప్పుడు వాచీ ఫొటో మీదే ఇదే పద్ధతి వాడండి. నేరుగా ముందునుంచి తీసిన బొమ్మ ఎంచుకోండి, పక్కకు తిప్పి తీసింది పనికిరాదు. కీ తిప్పే బొడిపెను వదిలేసి, తెర మీద కేసు వెడల్పునూ, లగ్గు కొస నుంచి లగ్గు కొసనూ కొలవండి. కేసు 40 మి.మీ. అని రాసి ఉండి, తెర మీద అది 60, లగ్గుల పొడవు 71 వస్తే, 40ని 71తో గుణించి 60తో భాగించాలి. 47.3 వస్తుంది. అంతా సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలంటే బెల్టు వెడల్పును కూడా అదే లెక్కతో కొలవండి. అమ్మేవాళ్లు 20 మి.మీ. బెల్టు అని రాస్తే మీకూ 20 దగ్గర రావాలి. 21, 22 వస్తోందంటే రాసిన కేసు కొలత బొడిపెను కలుపుకుని రాశారేమో అనుమానించండి.

ఆరో మెట్టు: అట్టముక్కతో చూడటం

అంకెలు కుదిరాక కంటికి ఎలా ఉంటుందో చూడాలి. పెళ్లి శుభలేఖ అట్ట ఏదైనా తీసుకుని, కేసు వెడల్పుకు గుండ్రంగా, లగ్-టు-లగ్ పొడవుకు పైనా కిందా కొమ్ములు వదిలి కత్తిరించండి. మూడో మెట్టులో అసలు సైజుకు తెచ్చిన ఫొటో ఉంది కదా, తెర మీద మణికట్టుపై దాన్ని పెట్టి చూడండి. రెండు మూడు సైజులు కత్తిరించుకుంటే పోలిక తేలిగ్గా తెలుస్తుంది.

ఇక్కడ కళ్లను మోసం చేసేవి ఉన్నాయి. డయల్ తెల్లగా ఉండి, చుట్టూ ఉన్న అంచు సన్నగా ఉంటే వాచీ ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది. నల్ల డయల్, దాని చుట్టూ వెడల్పాటి అంకెల రింగు ఉంటే చిన్నగా కనిపిస్తుంది. పలక వాచీ మూలలనుంచి మూలకు కొలిస్తే పెద్దది కాబట్టి, దాని వెడల్పు అంకెకంటే పెద్దగానే తోస్తుంది. ఇక చేతికి పెట్టుకుని తీసిన ఫొటోలు ఇంటర్నెట్‌లో చూసి బెంబేలెత్తకండి. వాటిని 20 సెం.మీ. దగ్గరనుంచి తీస్తారు. వాచీ ముఖం కెమెరాకు మణికట్టు అంచుల కంటే 3 సెం.మీ. దగ్గరగా ఉంటుంది. దాంతో 40 మి.మీ. వాచీ ఆ చేతితో పోలిస్తే 46 మి.మీ. వాచీలా కనిపిస్తుంది. ఎదుటివాళ్లు మన వాచీని చూసేది మీటరు దూరం నుంచి. అద్దంలో చూసుకుంటే కనిపించేదే నిజమైన చూపు.

పెట్టుకునేవాళ్ల అలవాటూ చూడాలి. బాబాయి ఇన్నేళ్లూ పెట్టుకున్నది హెచ్ఎంటీ, అది 35 మి.మీ. చుట్టూ ఉండే వాచీ. కొలత ప్రకారం ఆయన చేతికి 40.5 మి.మీ. బాంబినో పడుతుంది, 46 ÷ 56 అంటే 82 శాతమే. కానీ 35కు అలవాటుపడిన కంటికి అది పళ్లెంలా అనిపించవచ్చు. అందుకని బాంబినోలోనే 38.4 మి.మీ. మోడల్ చూడమన్నాను. దాని లగ్-టు-లగ్ 44 మి.మీ., అంటే 79 శాతం. తమ్ముడు కాస్త గునిశాడు, "మరీ చిన్నది కాదా అన్నా, ఇక్కడందరూ 42 పెడుతున్నారు" అన్నాడు. పెట్టుకునేది నువ్వు కాదు కదా అన్నాను.

మందం కూడా ఒక్కసారి చూసుకోండి. ఫుల్ చేతుల చొక్కాలు వేసుకునేవాళ్లకు 12 మి.మీ. దాటితే బొత్తాం పెట్టిన కఫ్ కిందికి వాచీ సులువుగా దూరదు.

వాచీ వచ్చాక

అద్దం మీదా, వెనకా ఉన్న ప్లాస్టిక్ పొరలు తీయకుండా, చైను లింకులు తీయించకుండా చేతికి పెట్టి చూడండి. ఇవి రెండూ చేసేశాక చాలామంది అమ్మకందార్లు వెనక్కి తీసుకోరు. లింకులు తీయించని చైను వదులుగా ఉంటుంది కాబట్టి, కింద వేలితో పట్టుకుని బిగువుగా ఉంచి చూడాలి.

పైనుంచి నేరుగా చూసినప్పుడు రెండు లగ్గుల కొసలకు అటూ ఇటూ చర్మం కనిపించాలి. కొస పక్కన బల్ల కనిపిస్తే వాచీ పెద్దది. పక్కనుంచి చూస్తే బెల్టు లగ్గు దగ్గరే కిందికి తిరిగి చర్మాన్ని పట్టుకోవాలి. అలా కాక బయటికి వెళ్లి, తర్వాత వంగి, మధ్యలో సందు వదిలితే అదీ పెద్దదే. చేతిని వెనక్కి వంచినప్పుడు బొడిపె అరచేతి వెనక గుచ్చుకుంటోందంటే, ముందు వాచీని ఎముక దాటించి మోచేతి వైపు ఒక వేలెడు జరపండి. అయినా గుచ్చుకుంటే వెనక్కి పంపేయండి. సాయంత్రానికి బిగుసుకుందని మాత్రం వాపసు చేయకండి. ఎండకు చేయి కాస్త ఉబ్బడం మామూలే, దానికి బెల్టులో ఒక రంధ్రం వదులు చేస్తే సరిపోతుంది.